బీప్ వచ్చింది, అయినా పెట్టె వెలగలేదు

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళు కొంచెం ముందుకు జరగండి, ఈ బల్ల మీద చేసేది మీకూ కనిపించాలి.

నా చేతిలో ఉన్నది ఒక వైఫై రౌటర్. రెండేళ్ళు పని చేసింది. ఒక రోజు పొద్దున చూస్తే ఒక్క లైటు కూడా వెలగలేదు. స్విచ్ నొక్కినా లేదు, ప్లగ్గు మార్చినా లేదు. ఇలాంటప్పుడు మనం ఒకే మాట అంటాం, "పోయింది" అని. ఈ గంటలో నేను చెప్పబోయేది ఆ "పోయింది" గురించే. ఏది పోయింది, ఎక్కడ పోయింది అన్నది ఒక మామూలు మల్టీమీటర్‌తో ఎంతవరకు కనుక్కోవచ్చో చూద్దాం. మీటర్ ఎక్కడ మనల్ని తప్పుదోవ పట్టిస్తుందో కూడా చూద్దాం. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా ఇబ్బంది పడేది రెండో విషయంలోనే.

ముందు ఒక తేడా గమనించండి. లైట్లు వెలుగుతూ నెట్ రాకపోతే అది వేరే జబ్బు. ఒక లైటు మినుకుమని ఆరిపోతే అది ఇంకో జబ్బు. అసలు ఏమీ లేకుండా, చీకటిగా, నిశ్శబ్దంగా ఉందంటే చాలాసార్లు లోపలి చిప్పుల తప్పు కాదు. గోడ దగ్గర నుంచి బోర్డు దాకా వచ్చే దారిలో ఎక్కడో తెగి ఉంటుంది. ఆ దారి పొడవుగా ఏమీ ఉండదు. గోడ సాకెట్, అడాప్టర్, దాని వైరు, వైరు చివర పిన్ను, ఆ పిన్ను దూరే జాక్, పెట్టె మీద స్విచ్, కొన్నింట్లో ఫ్యూజ్. అంతే. వీటిని వరసగా చూసుకుంటూ పోవడమే మన పని.

గోడ సాకెట్‌ను మీటర్‌తో చూడొద్దు. కొత్తవాళ్ళకు ఈ మాట గట్టిగా చెబుతాను. అక్కడ ఒక టేబుల్ ల్యాంప్ పెట్టండి. వెలిగితే సాకెట్ బాగుంది. ఆ పనికి అంతకంటే మంచి పరికరం లేదు. చవక మీటర్ల వైర్లు, లోపలి రక్షణ గోడ కరెంటుకు తగినంత గట్టిగా ఉంటాయని నమ్మకం లేదు. మీటర్ వైరు చివర ఉండే మొన, అంటే ప్రోబ్, చేతిలో జారితే జరిగే నష్టం పెద్దది.

ఇక మీటర్ దగ్గరకు వద్దాం. మధ్యలో తిప్పే నాబ్, కింద మూడు రంధ్రాలు. ఒకదాని పక్కన "కామ్" అని రాసి ఉంటుంది. నల్ల ప్రోబ్ ఎప్పుడూ అందులోనే. దాన్ని అక్కడి నుంచి కదిలించే పని ఈరోజు మనకు లేదు. ఎర్ర ప్రోబ్‌కు రెండు చోట్లున్నాయి. ఒకదాని పక్కన వోల్టుల గుర్తు, ఓమ్‌ల గుర్తు కలిసి ఉంటాయి. ఇంకోదాని పక్కన 10 ఆంప్‌లు అని ఉంటుంది. ఎర్ర ప్రోబ్ వోల్టులు, ఓమ్‌లు ఉన్న రంధ్రంలోనే ఉండాలి. ఈరోజంతా అక్కడే.

ఎందుకంటే, ఆ 10 ఆంప్‌ల రంధ్రం వెనక ఉన్నది ఒక లావుపాటి లోహపు తీగ. కరెంటు తన గుండా ప్రవహిస్తే కొలవడానికి పెట్టినది. దానికి నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, దాదాపు లేనట్టే. ఆ నిరోధాన్నే ఓమ్‌లలో కొలుస్తాం. ఎర్ర ప్రోబ్ అందులో ఉండగా మీరు వోల్టేజ్ కొలుద్దామని అడాప్టర్ పిన్ను రెండు కొసలకూ ప్రోబ్‌లు ఆనిస్తే, మీరు కొలవడం లేదు, ఆ రెండు కొసల్నీ ఒక తీగతో కలిపేస్తున్నారు. అంటే షార్ట్ చేస్తున్నారు. నాబ్ వోల్టుల దగ్గరే ఉన్నా సరే, ఎర్ర ప్రోబ్ ఉన్న రంధ్రమే లెక్కలోకి వస్తుంది. చాలా చవక మీటర్లలో ఆ రంధ్రానికి ఫ్యూజ్ కూడా ఉండదు.

ఒక చిన్న మాట. మన భాషలో "కరెంటు ఉందా?" అని అడుగుతాం. నిజానికి ఆ ప్రశ్నలో మనం అడిగేది వోల్టేజ్ గురించి. సాకెట్‌లో ఏదీ పెట్టనప్పుడు అక్కడ వోల్టేజ్ ఉంటుంది, కరెంటు పారదు. పరికరం పెట్టి స్విచ్ వేశాకే కరెంటు పారుతుంది. మాటల్లో ఈ తేడా లేకపోవడం వల్ల మీటర్ దగ్గర చాలామంది తడబడతారు. వోల్టేజ్ అంటే నెట్టే బలం, దాన్ని వోల్టుల్లో కొలుస్తాం. కరెంటు అంటే ప్రవాహం, దాన్ని ఆంప్‌లలో కొలుస్తాం. బలం ఉన్నంత మాత్రాన ప్రవాహం వస్తుందని లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మన రౌటర్ కథ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఏ కొలత తీసుకునే ముందైనా మీటర్ బాగుందో లేదో చూడండి. నాబ్‌ను దారి తెగకుండా ఉందో లేదో చూసే కంటిన్యూటీ దగ్గరకు, అంటే శబ్దతరంగాల బొమ్మ ఉన్నచోటికి తిప్పి రెండు ప్రోబ్‌ల కొసలూ ఒకదానికొకటి ఆనించండి. బీప్ రావాలి. తర్వాత నాబ్‌ను డీసీ 20 వోల్టుల దగ్గరకు తిప్పి ఒక కొత్త పెన్సిల్ సెల్‌ను కొలవండి. ఒకటిన్నర వోల్టుకు కాస్త అటూ ఇటూ చూపించాలి. ఇది చేయకుండా వెళ్తే, ప్రోబ్ వైరు లోపలే తెగి ఉండి సున్నా చూపిస్తే, మీరు మంచి అడాప్టర్‌ను పారేస్తారు. మీటర్ తెరపై బ్యాటరీ బొమ్మ కనిపిస్తుంటే ముందు దాని బ్యాటరీ మార్చండి. బ్యాటరీ దిగిపోయిన మీటర్ చాలాసార్లు ఉన్నదానికంటే ఎక్కువ వోల్టులు చూపిస్తుంది. ఆ అంకె చూసి మోసపోవడం చాలా తేలిక.

సరే, అడాప్టర్. దీని వీపు మీద సన్నటి అక్షరాల్లో రాసి ఉన్నది చదువుదాం. లోపలికి వెళ్ళేది 100 నుంచి 240 వోల్టుల ఏసీ, అంటే దిశ మారుతూ ఉండే గోడ కరెంటు. బయటికి వచ్చేది 12 వోల్టులు, దాని పక్కన ఒక తిన్నని గీత, కింద చుక్కల గీత, తర్వాత 1 ఆంప్. ఆ తిన్నని గీత డీసీకి, అంటే ఒకే దిశలో పారే కరెంటుకు గుర్తు. అక్కడ అలలాంటి గీత ఉంటే బయటికి వచ్చేదీ ఏసీయే. అలాంటి అడాప్టర్లు తక్కువే కానీ ఉన్నాయి. డీసీ రేంజ్‌లో పెట్టి వాటిని కొలిస్తే సున్నా దగ్గర చూపిస్తుంది, బాగున్నదాన్ని పోయిందనుకుంటారు. అందుకే చదివాకే నాబ్ తిప్పాలి.

పక్కనే ఒక చిన్న బొమ్మ కూడా ఉంటుంది. మధ్యలో చుక్క, దాని చుట్టూ సగం తెరిచిన వలయం, అటొకటి ఇటొకటి ప్లస్, మైనస్ గుర్తులు. పిన్ను లోపలి భాగం ప్లస్సా, బయటి గొట్టం ప్లస్సా అని అది చెబుతుంది. దీనికి లోపలే ప్లస్. కాబట్టి ఎర్ర ప్రోబ్ పిన్ను లోపలికి, నల్లది బయటి గొట్టానికి. చేతులు కదలకుండా పెట్టండి, రెండు కొసలూ ఒకదానికొకటి తగలనివ్వొద్దు. తగిలితే అడాప్టర్ షార్ట్ అవుతుంది. నాబ్ డీసీ 20 వోల్టుల దగ్గర ఉంది. అంకె ముందు మైనస్ వస్తే కంగారు పడొద్దు, ప్రోబ్‌లు తారుమారయ్యాయంతే. ప్రోబ్‌లను సరిగ్గానే పెట్టినా మైనస్ వస్తే మాత్రం ఆ అడాప్టర్ ప్లస్ బయట ఉన్న రకం. దాన్ని ఈ రౌటర్‌కు పెట్టకూడదు.

చూడండి, 12.18 వోల్టులు.

ఇక్కడ ఎంతమంది అడాప్టర్ బాగుందని అనుకుంటున్నారు? చేతులు ఎత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. నేను కూడా మొదట్లో అలాగే అనుకున్నాను. ఇలాంటి ఒక పెట్టెకు 12కు పైగా చూసి, అడాప్టర్‌ను పక్కన పెట్టి, బోర్డు విప్పి రెండు సాయంత్రాలు వెతికాను. తప్పు అడాప్టర్‌లోనే ఉంది.

మీటర్ అబద్ధం చెప్పలేదు. మనం అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పింది. వోల్టేజ్ కొలిచేటప్పుడు మీటర్ తన గుండా దాదాపు ఏమీ పారనివ్వదు. దాని లోపలి నిరోధం చాలా మీటర్లలో ఒక కోటి ఓమ్‌లు. అంటే మనం అడాప్టర్‌ను అడిగింది, "ఏ పనీ చేయనప్పుడు ఎంత బలం చూపిస్తావు?" అని. ఉత్తి చేతులతో నిటారుగా నిలబడ్డ మనిషిని చూసి బస్తా మోస్తాడని చెప్పలేం కదా. బస్తా ఎత్తించి చూడాలి. మోకాళ్ళు వణుకుతాయో లేదో అప్పుడే తెలుస్తుంది.

ఆ బస్తాను ఎలక్ట్రానిక్స్‌లో లోడ్ అంటారు. నా దగ్గర ఉన్నది ఇదిగో, తెల్లటి పింగాణీ ముక్కలాంటిది. 22 ఓమ్‌ల రెసిస్టర్, 10 వాట్లు తట్టుకునేది. లెక్క వేద్దాం. 12 వోల్టులను 22 ఓమ్‌లతో భాగిస్తే సుమారు 0.55 ఆంప్. ఈ అడాప్టర్ ఇవ్వగలనని చెప్పుకున్నది 1 ఆంప్. అంటే దాని శక్తిలో సగం కంటే కొంచెం ఎక్కువే మోయిస్తున్నాం, పెద్ద భారమేమీ కాదు. 12ను 0.55తో గుణిస్తే ఆరున్నర వాట్లు, అంతా వేడిగా బయటికి వస్తుంది. కాబట్టి దీన్ని చేత్తో పట్టుకోకండి, ప్లాస్టిక్ మీద పెట్టకండి, పింగాణీ పలక మీద పెట్టండి, పది పదిహేను సెకన్లకు మించి ఉంచకండి. 10 వాట్లది ఎందుకంటే, పావు వాటు చిన్న రెసిస్టర్ పెడితే క్షణాల్లో కాలి పొగ వస్తుంది.

రెసిస్టర్ తీగలను ఒక జాక్‌కు బిగించి పెట్టుకున్నాను, అడాప్టర్ పిన్ను అందులో దూర్చితే చాలు. ప్రోబ్‌లు ఆ జాక్ కొసల మీద. దూరుస్తున్నాను, చూడండి.

12.18 నుంచి ఒక్కసారిగా 4 దగ్గరకు పడింది. మళ్ళీ 7, మళ్ళీ 3. నిలవడం లేదు. కొంచెం నిశ్శబ్దంగా ఉండండి, అడాప్టర్ లోపలి నుంచి టిక్ టిక్ మని సన్నగా వినిపిస్తోంది. అది మొదలవుతోంది, మోయలేక ఆగిపోతోంది, మళ్ళీ మొదలవుతోంది. బాగున్న 12 వోల్టుల అడాప్టర్ ఈ భారానికి 12 దగ్గరే నిలుస్తుంది, పడినా అర వోల్టు లోపే.

ఎక్కువసార్లు దీనికి కారణం లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. విద్యుత్తును కాసేపు నిల్వ ఉంచే చిన్న డబ్బాలాంటి ఆ భాగంలో తడి ద్రవం ఉంటుంది. రాత్రింబవళ్ళు వేడిలో ఉండి ఏళ్ళ తరబడి అది ఎండిపోతుంది. భారం లేనప్పుడు తేడా తెలియదు. భారం పడగానే వోల్టేజ్‌ను నిలిపి ఉంచలేదు. రౌటర్ అడాప్టర్‌ను ఎప్పుడూ ఆపం కాబట్టి ఈ జబ్బు వాటికి ఎక్కువ.

కానీ తీర్పు చెప్పే ముందు ఇంకో అనుమానితుణ్ణి వదిలేయకూడదు. వైరు. లోపల తెగిన వైరు కూడా ఇదే లక్షణం చూపిస్తుంది. వైరు ఎక్కడ తెగుతుంది? మధ్యలో చాలా అరుదు. పిన్ను దగ్గర, అడాప్టర్ డబ్బాలోంచి బయటికి వచ్చేచోట, ఈ రెండు మెలికల దగ్గరే. అందుకని లోడ్ ఉంచే ఆ రెండుచోట్లా వైరును మెల్లగా అటూ ఇటూ వంచుతూ అంకెను చూడండి. ఒక వంపులో 12 వచ్చి ఇంకో వంపులో పడిపోతే తప్పు వైరుది. నేను వంచుతున్నాను... అంకె ఎగరడం, పడటం అలాగే ఉంది, వంపుకూ దానికీ పొంతన లేదు. వైరు కాదు, అడాప్టరే.

ఇప్పుడు కంటిన్యూటీ గురించి మాట్లాడదాం, ఎందుకంటే వైరు అనగానే అందరికీ బీప్ గుర్తొస్తుంది.

ఇందులో మీటర్ తన బ్యాటరీ నుంచి కొద్దిపాటి కరెంటును ఒక ప్రోబ్ నుంచి పంపి, రెండోదాంట్లోకి తిరిగి వస్తుందా అని చూస్తుంది. వస్తే బీప్. రాకపోతే తెరపై 1 అనో OL అనో నిలుస్తుంది, దారి తెగిందని అర్థం. మీటర్ తన కరెంటునే పంపుతుంది కాబట్టి, కొలిచే వస్తువులో బయటి కరెంటు ఏమాత్రం ఉండకూడదు. ప్లగ్గు తీసేయాలి, బ్యాటరీ ఉంటే తీసేయాలి. స్విచ్ ఆపితే సరిపోదు.

బీప్ దేనికి వస్తుంది? దారి బాగున్నందుకు కాదు. దారి నిరోధం ఒక హద్దు కంటే తక్కువ ఉన్నందుకు. ఆ హద్దు మీటర్‌ను బట్టి 30 ఓమ్‌లు కావచ్చు, 50 కావచ్చు, ఇంకొన్నింట్లో ఇంకా ఎక్కువ. ఒక వైరులో పోగులు తెగి, కొసలు ఒకదానికొకటి తాకీ తాకకుండా ఉన్నాయనుకోండి. అక్కడ 10 ఓమ్‌ల నిరోధం ఉందనుకుందాం. మీటర్ హాయిగా బీప్ అంటుంది. అదే వైరు గుండా రౌటర్ అర ఆంప్ లాగడానికి ప్రయత్నిస్తే, సగం ఆంప్‌ను 10 ఓమ్‌లతో గుణించి చూడండి, 5 వోల్టులు ఆ తెగినచోటే పోతాయి. 12 బయల్దేరి 7 చేరుతుంది. పెట్టె వెలగదు. బీప్ మాత్రం వచ్చింది.

అందుకని కరెంటు మోయాల్సిన వైరును చూసేటప్పుడు బీప్ విన్నాక నాబ్‌ను 200 ఓమ్‌ల దగ్గరకు తిప్పి అంకెను కూడా చదవండి. ముందు రెండు ప్రోబ్‌లూ కలిపి చూస్తే 0.3, 0.5 లాంటి అంకె వస్తుంది. అది ప్రోబ్ వైర్లది, దాన్ని తీసేయాలి. మిగిలింది వైరు నిరోధం. రెండు మీటర్ల పవర్ కార్డుకు అది దాదాపు సున్నా రావాలి. 3, 4 ఓమ్‌లు వచ్చినా, వైరు వంచినప్పుడు అంకె ఊగినా, ఆ వైరును నమ్మొద్దు.

ఊడదీయగలిగే పవర్ కార్డుకు ఈ పరీక్ష చక్కగా కుదురుతుంది. రెండు వైపులా ఊడదీసి, ఒక చివర పిన్నుకూ రెండో చివర దానికి సంబంధించిన రంధ్రానికీ మధ్య చూడండి. తర్వాత పక్కపక్క పిన్నుల మధ్య కూడా చూడండి, అక్కడ బీప్ రాకూడదు. వస్తే కార్డు లోపలే షార్ట్, దాన్ని గోడకు పెట్టనే కూడదు. అడాప్టర్ వైరుకు మాత్రం ఈ పరీక్ష కుదరదు, దాని ఒక చివర మూసిన డబ్బాలో ఉంది కాబట్టి. అందుకే ఇందాక లోడ్ పెట్టి వంచి చూశాం.

ముందు వరసలో ఒకరు మంచి ప్రశ్న అడిగారు. "అడాప్టర్ బాగుండి, రౌటరే దాన్ని కుంగదీస్తే?" అని. అవును, అలా కూడా జరుగుతుంది. అందుకే నేను రౌటర్‌ను కాకుండా విడి రెసిస్టర్‌ను లోడ్‌గా పెట్టాను. రెసిస్టర్‌తో నిలబడి, రౌటర్ తగిలించగానే కుంగిపోయే అడాప్టర్ అయితే తప్పు రౌటర్‌ది. దాన్ని రూఢి చేసుకోవాలంటే అడాప్టర్ ఊడదీసి, రౌటర్ జాక్ లోపలి పిన్నుకూ బయటి అంచుకూ మధ్య కంటిన్యూటీ చూడండి. ఒక్క క్షణం బీప్ అని ఆగిపోతే అది మామూలే. లోపలి కెపాసిటర్‌లు ఖాళీగా ఉండి మీటర్ పంపిన కరెంటును కాసేపు తాగుతాయి, నిండగానే ఆగిపోతాయి. ఆ చిన్న కూత విని షార్ట్ అనుకోకండి. ఆగకుండా మోగుతూనే ఉండి, ఓమ్‌లలో కూడా సున్నా దగ్గరే ఉంటే అప్పుడు షార్ట్. ఎక్కువ వోల్టుల అడాప్టర్‌ను పొరపాటున పెట్టినప్పుడు, జాక్ దగ్గర కాపలాగా ఉండే డయోడ్ తాను కాలిపోయి ఇలా షార్ట్ అవుతుంది. అలాంటి రౌటర్‌కు ఎన్ని అడాప్టర్లు మార్చినా లాభం లేదు.

మన రౌటర్‌కు చూస్తున్నాను. ఒక కూత, తర్వాత నిశ్శబ్దం. రౌటర్‌కు దోషం లేదు.

ఇక కొత్త అడాప్టర్ ఎంచుకోవాలి. వోల్టులు అంతే ఉండాలి, 12కు 12. ఆంప్‌లు అంతే లేదా ఎక్కువ. ఎక్కువ ఆంప్‌ల అడాప్టర్ పెడితే పెట్టె కాలిపోతుందని చాలామంది భయపడతారు, ఆ భయం అక్కర్లేదు. ఆంప్‌లు అడాప్టర్ ఇవ్వగలిగినంత. రౌటర్ తనకు కావాల్సినంతే లాగుతుంది. వోల్టులు మాత్రం అడాప్టర్ నెట్టేవి, అవి ఎక్కువైతేనే ప్రమాదం. పిన్ను కొలతలో ఒక చిక్కుంది. బయటి వ్యాసం 5.5 మిల్లీమీటర్లు ఉన్న పిన్నుల్లో లోపలి రంధ్రం 2.1 ఉన్నవి, 2.5 ఉన్నవి రెండు రకాలు. చూపుకు ఒకేలా ఉంటాయి. 2.1 జాక్‌లో 2.5 పిన్ను దూరుతుంది కానీ వదులుగా ఉంటుంది, తగిలీ తగలకుండా ఆగి ఆగి వెలుగుతుంది. పాత పిన్నును పక్కన పెట్టి పోల్చి తీసుకోండి.

ఇదిగో, 12 వోల్టులు, ఒకటిన్నర ఆంప్. ముందు రెసిస్టర్ మీద పెడుతున్నాను. 12.05, కదలడం లేదు. ఇప్పుడు రౌటర్. మొదటి లైటు వచ్చింది... మిగతావి కూడా.

పాత అడాప్టర్‌ను విప్పి కెపాసిటర్ మార్చవచ్చా అంటే, నేర్చిన చేతులు మార్చగలవు. మీరు మాత్రం ఈరోజే విప్పొద్దు. 230 వోల్టుల సరఫరా ఉన్నచోట దాని లోపలి పెద్ద కెపాసిటర్ 325 వోల్టుల డీసీ దాకా నిండి ఉంటుంది. గోడ నుంచి తీసేశాక కూడా అది కాసేపు నిలిచి ఉండొచ్చు. పాడైన అడాప్టర్‌లో, అంటే ఆ శక్తిని ఖర్చు చేసే భాగం పని చేయనప్పుడు, ఇంకా ఎక్కువసేపు ఉంటుంది.

ఇక ఫ్యూజ్. రౌటర్ అడాప్టర్‌లో కూడా ఫ్యూజ్ ఉంటుంది కానీ అది మూసిన డబ్బాలో ఉంది, దాని జోలికి పోం. బయటి నుంచి తీయగలిగే ఫ్యూజ్ ఉన్న పెట్టె తీసుకుందాం. ఇది ఒక చిన్న ఆంప్లిఫయర్. వెనక పవర్ కార్డు పక్కనే చిన్న మూత, దాన్ని స్క్రూడ్రైవర్‌తో తిప్పితే గాజు ఫ్యూజ్ బయటికి వస్తుంది. ముందు ప్లగ్గు గోడ నుంచి తీసేశాను, అందరూ చూశారు.

ఫ్యూజ్‌ను తప్పకుండా బయటికి తీసే కొలవాలి. ఉన్నచోటే ఉంచి కొలిస్తే, అది తెగి ఉన్నా మీటర్ కరెంటు పక్కనున్న ఇంకేదైనా దారి గుండా తిరిగి వచ్చి బీప్ అనొచ్చు. బయటికి తీస్తే ఒకటే దారి, ఒకటే జవాబు. ఫ్యూజ్‌కు రెండు చివర్లా ఉన్న లోహపు మూతల్లో ఒకదానికి ఒక ప్రోబ్, ఇంకోదానికి ఇంకోటి. బీప్ లేదు, OL. తెగింది.

కంటితో చూస్తే తెలియదా? కొన్నిసార్లు తెలుస్తుంది. కానీ తీగ మూత అంచు లోపల, కనిపించనిచోట తెగితే గాజులోంచి చూసినప్పుడు నిండుగానే ఉంటుంది. తెల్ల పింగాణీ ఫ్యూజ్‌లలో అసలు లోపల కనిపించదు. అందుకని తీర్పు మీటర్‌దే. మిల్లీ ఆంప్‌ల చిన్న ఫ్యూజ్‌లకు మాత్రం తీగ మరీ సన్నం కాబట్టి బాగున్నవాటికే కొన్ని ఓమ్‌లు ఉంటాయి. అది జబ్బు కాదు.

కంటి ఉపయోగం వేరే ఉంది. తెగిందా అన్నది మీటర్ చెబుతుంది, ఎలా తెగిందన్నది గాజు చెబుతుంది. తీగ మధ్యలో శుభ్రంగా కరిగి చిన్న ఖాళీ ఉంటే, మోతాదుకు కొంచెం మించిన కరెంటు కాసేపు పారి ఉంటుంది, లేదా ఫ్యూజ్ వయసు అయిపోయి ఉంటుంది. గాజు లోపలంతా నల్లగానో, వెండి పూత పూసినట్టో ఉంటే తీగ ఒక్క దెబ్బకు ఆవిరైంది. అంటే పెట్టె లోపల ఎక్కడో షార్ట్ ఉంది. మన దగ్గరున్నది చూడండి, చేతులు మార్చుకుంటూ వెనక దాకా పంపండి. గాజు తేటగా ఉంది, మధ్యలో చిన్న ఖాళీ. ఇది మంచి సంకేతం.

ఫ్యూజ్ లోహపు మూత మీద చెక్కిన అక్షరాలు భూతద్దంతో చదవండి. "టీ2ఏఎల్250వీ" అని ఉంది. 2 ఆంప్‌లు, 250 వోల్టులు. ముందున్న టీ నిదానంగా తెగే రకం. అక్కడ ఎఫ్ ఉంటే వెంటనే తెగే రకం. స్విచ్ వేసిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, టీ రకం ఆ క్షణాన్ని ఓర్చుకుంటుంది. ఎఫ్ రకం పెడితే పెట్టెలో ఏ తప్పూ లేకపోయినా స్విచ్ వేయగానే తెగొచ్చు. ఎక్కువ ఆంప్‌లది పెడితే ఇంకా ప్రమాదం. ఫ్యూజ్ తెగాల్సినచోట లోపలి ట్రాన్స్‌ఫార్మర్ తీగ చుట్లు కాలతాయి. రాగి తీగ చుట్టి నడిపించడం అయితే ఆ పెట్టెను నిప్పుకు వదిలేయడమే.

కొత్తది పెట్టే ముందు ఒక కొలత. పవర్ కార్డు పెట్టెకు తగిలించి ఉంది, ప్లగ్గు నా చేతిలో ఉంది, గోడకు లేదు. కొత్త ఫ్యూజ్ బిగించి, పెట్టె స్విచ్ వేసి, ప్లగ్గు మీద కరెంటు పారే రెండు పిన్నుల మధ్య 200 ఓమ్‌ల రేంజ్‌లో కొలుస్తాను. బీప్ వినకండి ఇక్కడ, అంకె చదవండి. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిరోధం కొన్ని పదుల ఓమ్‌లే కాబట్టి బాగున్న పెట్టె కూడా బీప్ అనొచ్చు. 38 ఓమ్‌లు వచ్చింది. ఇలాంటి చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిన అంకె. సున్నా, ఒకటి దగ్గర వచ్చి ఉంటే ఇక్కడే ఆగేవాణ్ణి. చుట్ల అవతలి వైపు ఏదైనా షార్ట్ ఉంటే మాత్రం ఈ కొలతకు అది కనిపించదు, ఆ సంగతి కూడా తెలిసి ఉండాలి. అందుకని ఒకటే కొత్త ఫ్యూజ్‌తో ప్రయత్నిస్తాం. అది కూడా వెంటనే తెగితే మూడోది పెట్టం. అప్పుడు అది తెలిసినవాళ్ళు విప్పాల్సిన పెట్టె.

ప్లగ్గు పెడుతున్నాను. లైటు వచ్చింది. పది నిమిషాలు అలా ఉంచుదాం, ఈలోగా మీ పని మొదలుపెట్టండి.

మీ బల్లల మీద ఒక్కో పళ్ళెంలో అయిదు ఫ్యూజ్‌లు, ఒక పవర్ కార్డు పెట్టాను. ఫ్యూజ్‌లలో ఒకటి కంటికి నిండుగా కనిపిస్తుంది కానీ తెగి ఉంది. ఒకటి పింగాణీది. ఇంకొకటి నల్లబడింది. కార్డులో ఒక వైరును వంచితే అంకె ఊగుతుంది, దాన్ని బీప్‌తో పట్టుకోలేరు. ముందు ఎర్ర ప్రోబ్ ఏ రంధ్రంలో ఉందో చూసుకోండి, ప్రోబ్‌లు కలిపి వచ్చిన అంకెను కాగితం మీద రాసుకోండి. నేను బల్లల దగ్గరికి వస్తున్నాను.